పెనంలో మిగిలిన నూనె

నాకు మామూలు కోపం వస్తే అన్నం సహించదు. పగ పట్టానంటే మాత్రం ఆకలి రెట్టింపవుతుంది. తొంభైల్లో ఒక ఎండాకాలమంతా నేను కడుపు నిండా తిన్నాను.

బాపు ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు తూచే దడవాయి. షుగర్ వచ్చింది, ఒళ్ళు తగ్గాలన్నారు. మేం చూపించుకునే దవాఖానాకు వారానికోసారి తిండి లెక్కలు చెప్పే మేడం వచ్చేది. బాపుకు ప్రాణమైన ఉల్లిగడ్డ ఆమ్లెట్టు సంగతి అడిగింది. నూనె మూడు పెద్ద చెంచాలు పోస్తానని అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

మేడం అక్కడికక్కడే లెక్క కట్టింది. రెండు గుడ్లు నూట నలభై కేలరీలు, ఉల్లిగడ్డ ఇరవై. నూనె నలభై గ్రాములు, గ్రాముకు తొమ్మిది చొప్పున మూడొందల అరవై. మొత్తం ఐదొందల ఇరవై. చీటీలో ఆమ్లెట్టు కొట్టేసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"నూనె పోసి పోసి మీ ఆయన్ని మీ చేతులతోనే చంపుకుంటున్నారు," అంది, బయట బల్లల మీద కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా.

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అదే నోటితో, అదే జనం ముందు, 'తప్పు నాదే' అని ఆమెతో అనిపించకపోతే నా చదువెందుకు అనుకున్నాను.

మొదట బాపే ఒక ఉపాయం చెప్పాడు. "నూనె తాగితే ఆమ్లెట్ బరువు వెరగాలె గద బిడ్డా. తూసి సూడు."

తూచాను. పచ్చిది నూట యాభై గ్రాములు, కాల్చాక నూట నలభై. నూనె చుక్క కూడా పట్టలేదని ఎగురుకుంటూ వెళ్ళి చెప్పాను. మేడం పడీపడీ నవ్వింది.

"వేడికి గుడ్డులో నీళ్ళు, ఉల్లిగడ్డలో నీళ్ళు ఆవిరైపోతాయమ్మా. పోయిన నీళ్ళెన్ని, పట్టిన నూనె ఎంత, ఈ తూకం చెబుతుందా?"

నిజమే. అందుకే ఇంకా మండింది. బల్లల మీద వాళ్ళు మళ్ళీ నవ్వారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే బాపుకు యార్డు పద్ధతి గుర్తొచ్చింది. యార్డులో నిండు సంచి తూచి, ఖాళీ సంచి బరువు తీసేస్తారు. దాన్ని తరుగు అంటారు. "ఆమ్లెట్ను ఇడిసిపెట్టు. పెనం తరుగు తియ్యి," అన్నాడు.

కిరాణా కొట్టు త్రాసు అడిగి తెచ్చాను. నూనె పోసిన పెనం తూచి, పొయ్యి మీద పెట్టి, ఆమ్లెట్టు వేసి, కాలాక తీసేసి, అంటుకున్న ముక్కలు గీరేసి, చల్లారాక మళ్ళీ తూచాను. తగ్గినదే ఆమ్లెట్టుకు పట్టిన నూనె. మిగిలిన నూనె వేరే సీసాలో ఒంపాను. ఐదు రోజులు ఇదే పని. ఒకరోజు పది గ్రాములు తగ్గింది, ఒకరోజు పదిహేను. సగటున పన్నెండు. అంటే నూనె నుంచి వచ్చేది నూట ఎనిమిది కేలరీలే. మొత్తం రెండొందల అరవై ఎనిమిది, మేడం చెప్పినదాంట్లో ఇంచుమించు సగం.

అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. మేడం కాగితం రెండుసార్లు చదివింది.

"పోసిందంతా తిన్నట్టు లెక్కేశాను. తప్పు నాదే," అంది మెల్లగా.

"జర గట్టిగ అనుండ్రి మేడం. బయటోళ్ళకు ఇనవడలే," అన్నాను.

మేడం మొహం ఎర్రబడింది. అయినా గట్టిగానే అంది. రోజుకు ఒక ఆమ్లెట్టు తినొచ్చని చీటీ రాసిచ్చింది. నేను బస్టాండులో ఆరు మిర్చీబజ్జీలు తిన్నాను.

మర్నాడు పొద్దున చాలా రోజుల తర్వాత అమ్మ తన చేత్తో ఆమ్లెట్టు వేసింది. బాపు జొన్నరొట్టె తుంచుకుని సిద్ధంగా కూర్చున్నాడు. అమ్మ ఆమ్లెట్టు పళ్ళెంలో వేసింది. తర్వాత పెనం వంచి, మిగిలిన నూనంతా ఆ రొట్టె ముక్కల మీద పోసింది.

"అమ్మా, గదేంది?"

"ఉల్లిగడ్డ వాసన వట్టిన నూనె, పారవోస్తరా? రొట్టె మెత్తగైతది. నువ్వు వొద్దున కాలేజీకి వోయినంక ఎన్నడూ గిట్లనే పోస్త గదా."

బాపు తల ఎత్తకుండా కలుపుతున్నాడు. యార్డులో తరుగు దగ్గర గ్రాము కూడా వదలని మనిషి. పన్నెండు గ్రాములు గుడ్డులో, ఇరవై ఎనిమిది గ్రాములు రొట్టెలో. నలభైకి నలభై ఆయన కడుపులోకే పోతోంది, ఇన్నేళ్ళుగా. మేడం చెప్పిన ఐదొందల ఇరవై అక్షరాలా నిజం.

నేను పళ్ళెం లాక్కున్నాను. ఆ రోజు నుంచి నూనె చెంచా నా చేతికి తీసుకున్నాను.

తర్వాతి వారం దవాఖానాలో మేడం అమ్మను చూసి లేచి నిలబడింది. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టింది. "ఆ రోజు అనకూడని మాట అన్నాను, మనసులో పెట్టుకోకండి," అంది. అమ్మ నా వైపు చూసింది, రొట్టె మీది నూనె సంగతి చెప్పమన్నట్టు. నాకు ఆ నవ్వూ, అమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగూ గుర్తొచ్చాయి.

"పర్వాలేదు మేడం," అన్నాను.