కాటా మీద ఒక్కపొద్దు

మా వదినకు కుడి మోకాలి చిప్ప అరిగిపోయింది. బళ్ళారిలో ఎముకల డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తానంది గానీ ముందు బరువు తగ్గి రమ్మంది. ఆ రోజు ఎనభై ఎనిమిది కిలోలు ఉంది వదిన. ఎనభైకి దిగాలి. నాలుగు నెలలు గడువు.

మాది అంగడి ఇల్లు. కింద అంగడి, పైన కాపురం. మిరపకాయలు, బెల్లం, చింతపండు మూటల లెక్కన అమ్మే వ్యాపారం. పైకి పదహారు మెట్లు. వదిన ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి నిలబడి, గోడ పట్టుకుని, ఊపిరి పీల్చి, ఆ తర్వాతి మెట్టు ఎక్కేది. మళ్ళీ మామూలుగా మెట్లెక్కడమే ఆమెకు కావలసినది. అంతకు మించి ఆ నాలుగు నెలలూ ఆమె దేన్నీ కోరలేదు.

"తిండి తగ్గించమన్నారు. దానికి మందులెందుకు, ఒక్కపొద్దులు ఉండాయి గదా" అంది వదిన. అంతవరకూ ఏకాదశి మాత్రమే ఉండేది. దానికి సోమవారం చేర్చింది, శనివారం చేర్చింది. శివుడికొకటి, వెంకటేశ్వరుడికొకటి. ఇద్దరిలో ఎవరు ముందు కరుణిస్తే వాళ్ళకి మొక్కు. ఇంత తెలివైన బేరం నేను కూడా ఆడలేదు.

తూకం వేసే పని నాది. మూటలు తూచే కాటా అంగడి వాకిట్లో ఉండేది. దాని అంకెల పెట్టె నా బల్ల మీద, నావైపు తిరిగి ఉండేది. కాటా మీద నిలబడిన వాళ్ళకు అంకె కనిపించదు. ఒక్కపొద్దు ముందురోజు సాయంత్రం ఒకసారి, ఒక్కపొద్దు మరుసటి తెల్లవారి ఏమీ తినకముందు ఒకసారి. రెంటికీ తేడా మాత్రం నేను గట్టిగా చెప్పేవాణ్ణి.

"కిలోన్నర తగ్గినాది వదినా."

"నిజంగానా?"

"కాటా అబద్ధం చెప్తాదా? దిగు, తర్వాత మూట ఉండాది."

అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. వదిన కూడా నవ్వేది. మొత్తం ఎంతో ఒక్కసారీ అడగలేదు. పదిమంది ముందు ఆ అంకె వినడం ఆమెకు ఇష్టం లేదు. ఇష్టం లేదని నాకు తెలుసు కాబట్టే నేను చెప్పలేదు. ఇదీ ఒక మర్యాదే అని నాకు నేను చెప్పుకున్నాను. నా మర్యాదలన్నీ ఇలాంటివే.

వదిన తలుపు వెనక సుద్దముక్కతో గీతలు గీసుకుంది, కిలోకొక గీత. నెల తిరిగేసరికి పద్నాలుగు. "అన్నీ నిలవవులే అప్పా. సగం నిలిచినా ఏడు" అంది. సగానికి సగం తనే తగ్గించి చెప్పుకునే సరికి, ఆమె జాగ్రత్త చూసి నాకు ముచ్చటేసింది. నాకు తెలిసిన నిజం వేరు. ఒక్కటీ నిలవలేదు.

ఒక్కపొద్దు ముందు రాత్రి "రేపు ఏమీ ఉండదు గదా" అని వదిన ఇంకో ముద్ద ఎక్కువ తినేది. మరుసటి రోజు అన్నం నిషేధం. అన్నానికే నిషేధం. నెయ్యి పోసిన రవ్వ ఉప్పిట్టు ఫలహారం కిందికి వచ్చేది. వేయించిన శెనక్కాయలు, ఉర్లగడ్డ వేపుడు, సగ్గుబియ్యం పాయసం, పాలు, అరటిపండ్లు. దేవుడు అన్నం ఒక్కటే వద్దన్నాడు, మిగతావన్నీ మేము ఆయనతో మాట్లాడి ఒప్పించుకున్నాం. అయినా మా ఇంట్లో ఆకలి అంటే అన్నం లేకపోవడమే. సాయంత్రానికి ఆమెకు తల నొప్పి పుట్టేది, మాట విసురుగా వచ్చేది. తెల్లవారి కాటా దిగి, తేడా విని, పొంగిపోయి వంటింట్లోకి పోయేది. పారణ రోజు పప్పు, చారు, రెండు వేపుళ్ళు, పూర్ణం పెట్టిన ఓళిగలు. రోజంతా కాచుకున్న ఆకలి నమిలే తీరిక ఇవ్వదు. కడుపు నిండిందని తెలిసేలోగా ఇంకో ఓళిగ మీద నెయ్యి పడేది.

ఆ పారణలో నా విస్తరి వదిన విస్తరి పక్కనే ఉండేది. నేను ఒక్కపొద్దు ఉండను. ఉప్పిట్టూ తినేవాణ్ణి, ఓళిగలూ తినేవాణ్ణి. కాటా మీద నేను చెప్పే కిలోన్నర ఎంత గట్టిగా ఉంటే ఓళిగలు అంత ఎక్కువయ్యేవి. అన్న ఒకరోజు నావైపు చూసి, "ఏందిరా, ఆమె ఒక్కపొద్దు ఉంటే నీకు పొట్ట వస్తాండాది" అన్నాడు. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

మూడో నెలలో వదిన జాకెట్లు బిగువయ్యాయి. "బట్ట మంచిది కాదప్పా, ఉతికితే కుంచించుకుపోయినాది" అంది.

"అవును వదినా, ఇప్పుడు వచ్చే బట్ట అంతే" అన్నాను. ఆ పూట అంకెల పెట్టెలో తొంభై ఉంది.

నాలుగో నెల చివర డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. అన్న చేనికి పోయి ఉన్నాడు. వదిన కొత్త చీర కట్టుకుంది. అక్కడి కాటా అంకెలు నిలబడినవాళ్ళకే కనిపిస్తాయి. మధ్యాహ్నం, కడుపులో అన్నం. తొంభై ఒకటి.

వదిన దిగి మళ్ళీ ఎక్కింది. తొంభై ఒకటే.

"కాటా బాగుండాదా అమ్మా?" అని అడిగింది.

"బాగుంది" అంది డాక్టరమ్మ. ఏం తింటున్నావో చెప్పమంది. వదిన దాచకుండా చెప్పింది. శనివారం నుంచి సోమవారం దాకా ఏ పూట ఏమిటో అన్నీ. డాక్టరమ్మ కోప్పడలేదు. ఒకరోజు తినకపోతే కడుపు ఖాళీ అవుతుందని, ఒళ్ళు శక్తి కోసం దాచుకున్న పిండిపదార్థంతో పాటు నీళ్ళు పోతాయని, తెల్లవారి కాటా చూపేది ఎక్కువగా ఆ నీళ్ళేనని చెప్పింది. తిన్న రోజే అవి తిరిగి వస్తాయి. పోయే కొవ్వు కొంచెమే, నెయ్యీ వేపుడూ దాన్ని నింపి ఇంకా మిగులుస్తాయి. "దేవుడి కోసం ఉండండి, నేను వద్దనను. బరువు కోసం అయితే రోజూ మూడు పూటలా కొలతగా తినండి. ఆపరేషన్ ఇప్పుడు కుదరదు. ఇంకో ఆరు నెలలు చూద్దాం."

వదిన తలూపింది. తిరిగి ఆటోలో వస్తున్నాం. గేటు దగ్గర రైలు కోసం ఆటో ఆగినప్పుడు అడిగింది.

"నీకు తెలుసు గదా?"

"ఏంది వదినా?"

"మీ నాయన మిరపకాయ పిడికిట పట్టి గలగల వినేవాడంట. నీళ్ళు చల్లిన మూట తూకం తూకం కాదు, ఎండితే పోతాదని చెప్పేవాడంట. నువ్వు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నోడివి. మిరపకాయ తడి తెలుసు, వదిన తడి తెలీలేదా?"

ఏదో ఒకటి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "నువ్వు సంతోషంగా ఉంటావని" అన్నాను.

"ఓళిగలు బాగుండినాయా?" అంది వదిన.

రైలు పోయింది. ఇంటి దగ్గర దిగాక ఆమె గోడ పట్టుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా దాని మీద వాల్చి, మొదటి మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపింది. ఈసారి గోడ నేను పట్టుకున్నాను.

"ఎంతుండానప్పా?"

"తొంభై ఒకటి."

"గట్టిగా చెప్పు. అంగట్లో చెప్పినట్ల."

అంగట్లో ఇద్దరు గిరాకీలు, చేని నుంచి తిరిగొచ్చి బెల్లం మూట విప్పుతున్న అన్న. అందరూ తలలు ఎత్తి చూశారు. గట్టిగా చెప్పాను. ఆమె రెండో మెట్టు ఎక్కి మళ్ళీ అడిగింది. పదహారు మెట్లకూ అడిగింది.