బుష్రా మేడం వేసిన పన్నెండో బిట్టు

గిద్దలూరులో మా డిగ్రీ కాలేజీకి బుష్రా మేడం రోజూ మార్కాపురం నుంచి బస్సులో వచ్చేది. బీకాం మొదటేడు మాకు బిజినెస్ ఫైనాన్స్ చెప్పింది. బిట్ పేపరంటే మిగతా సార్లు గైడులో ఉన్నది దించేస్తారు. ఆమె ప్రతి తప్పు ఆప్షనూ కూర్చుని తయారుచేసేది. పిల్లలు ఎక్కడ తడబడతారో ఆ లెక్క ప్రకారమే తప్పు జవాబు పెట్టేది.

ఒక ఇంటర్నల్ పరీక్షలో పన్నెండో బిట్టు ఇది: ఏటా పదివేల చొప్పున మూడేళ్లు దాస్తే, పది శాతం చక్రవడ్డీతో మూడో ఏడు ముగిసేసరికి ఎంతవుతుంది? ఆమె కీలో జవాబు 33,100.

పేపర్లు ఇచ్చినాక అర్ధవీడు నుంచి వచ్చే హెప్సిబా లేచింది. ఎప్పుడూ నోరు తెరవని పిల్ల.

"మేడం, నాకు 36,410 వచ్చింది. దాచేవాళ్లు ఏడాది మొదట్లోనే కడతారు గదా?"

మేడం బోర్డు మీద అడ్డగీత గీసి, మూడేళ్లూ గుర్తులు పెట్టింది. మొదట్లో కడితే తొలి పదివేలకు మూడేళ్ల వడ్డీ, 13,310. రెండోదానికి రెండేళ్లు, 12,100. మూడోదానికి ఒక ఏడు, 11,000. కూడితే హెప్సిబా చెప్పిందే. ఏడాది చివర కడితే ఒక్కోదానికి ఒక్కో ఏడు తగ్గుతుంది: 12,100, 11,000, ఆఖరిది వడ్డీ లేని పదివేలు; కూడితే కీలో ఉన్న 33,100.

"ఎప్పుడు కట్టాలో నేనే రాయలేదమ్మా. నీ లెక్క సరైందే," అంది.

మా కామర్స్ హెడ్డు కరుణాకరం సార్ ఒప్పుకోలేదు. "చెప్పకపోతే ఏడాది చివరనే తీసుకోవాల. ఏ పుస్తకం చూసినా అదే. మార్కులు ఎక్కించేసినాం గూడా."

"నిజమే సార్. కానీ ఆ మాట నేను క్లాసులో చెప్పలేదు. చెప్పనిదానికి మార్కు ఎట్ల కోస్తాం?"

రెండు జవాబులకూ మార్కు ఇచ్చి, మార్కుల షీటు మొత్తం తనే మళ్లీ తయారుచేసింది. సార్ చివరికి సంతకం పెట్టినాడు.

అక్కడితో వదిలేయలేదు. 39,930 పెట్టిన కాటమరాజును పక్కన కూచోబెట్టుకుంది.

"మొత్తం ముప్పైవేలకూ మూడేళ్ల వడ్డీ వేసినావు నాయనా. మూడో ఏడు కట్టింది మూడేళ్లు ఎట్ల ఉంటుంది?"

వాడు గీత గీసి చూసుకుని నవ్వేసినాడు. 33,000 పెట్టినవాళ్లు వడ్డీ మీద వడ్డీ మర్చిపోయినోళ్లు. వాళ్లతోనూ గీత గీయించింది.

సెమిస్టర్ పరీక్షలో ప్రస్తుత విలువ, అంటే ముందుముందు వచ్చే డబ్బు ఈరోజు లెక్కలో ఎంతో, అడిగినారు. ఏటా మొదట్లో పదివేలు, మూడేళ్లు, అదే పది శాతం. ఆప్షన్లలో ఏడాది చివర లెక్కకు వచ్చే 24,869 కూడా ఉంది, 27,355 కూడా ఉంది. మొదటి పదివేలు ఈరోజే చేతికొస్తాయి, వాటిని తగ్గించే పనిలేదు. మిగతా రెండే ఈరోజు విలువకు వెనక్కి తేవాల. హాల్లో తల తిప్పి చూస్తే, మావాళ్లందరూ రఫ్ కాగితం మీద అడ్డగీత గీస్తా ఉన్నారు.

బయటికొచ్చినాక జవాబు 27,355 అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అరిచింది హెప్సిబానే.