ఎర్ర గోడల పటం

మా లైనులోని ఇళ్ళు మిల్లు కట్టించినవి. ఒకే వరుస, ఒకే కొలత: ఒక గది, ఒక నడవ, ముందు అరుగులాంటి ఒక తిణ్ణె. వంటకు చోటు మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నేను పుట్టేనాటికే ప్రతి కుటుంబమూ తిణ్ణె చుట్టూ గోడ లేపి, దానినే వంటగదిగా మార్చుకున్నది. కోయంబత్తూరులో మిల్లు సైరన్‌ను సంగు అంటాము. మూడు పూటలా సంగు కూసినప్పుడు ఆ చిన్న వంటగదులలోనే మా వాళ్ళ క్యారియర్లు నిండేవి.

మిల్లు రెండవ షిఫ్టు ఆపివేసిన ఏడాది నేను ఆర్కిటెక్చర్ పట్టా పుచ్చుకున్నాను. మా వంశంలో కాలేజీ మెట్లెక్కినది నేనే మొదలు. సామాన్యులకు ఇళ్ళు గీసే ఒక చిన్న ఆఫీసు నగరంలో ఉన్నదని విని, అక్కడికి దరఖాస్తు పంపాలనుకున్నాను. కష్టపడి పనిచేస్తానని ప్రతివాడూ వ్రాస్తాడనీ, నీవు మాత్రమే చూసినదేదో ఒకటి వ్రాయమనీ మా మాస్టారు సలహా ఇచ్చారు. అందుకని బయోడేటాకు పైన పెట్టే ఆ ఒక్క పేజీ లెటరును ఎన్నోసార్లు చిత్తు వ్రాసి, టైపు ఇన్‌స్టిట్యూటులో ఇంగ్లీషులో కొట్టించాను. అందులోని ముఖ్యమైన మాటలు ఇవి:

“నేను మిల్లు లైనులో పుట్టి పెరిగాను. థీసిస్ కోసం అక్కడి ఇళ్ళన్నింటినీ లోపలికి వెళ్ళి కొలిచాను. అక్కడివన్నీ మా ఇంటిలాగే తెలుగు ఇళ్ళు కనుక ప్రతి తలుపూ నాకు తెరుచుకున్నది. తిణ్ణెను వంటగదిగా మార్చుకొని ఈ కుటుంబాలు పటం గీసినవారి పొరపాటును దిద్దాయి. ఇళ్ళు గీసేవారు నేర్చుకోవలసినది ఆ గోడలలో ఉన్నదని నా నమ్మకం.”

లెటరుతో పాటు కొలతల షీటు ప్రింటు ఒకటి జతచేశాను. మిల్లు కట్టిన గోడలు నల్లగా, మా వాళ్ళు తరువాత కట్టుకున్నవి ఎర్ర పెన్సిలుతో. ఏ రంగు దేనికో మూలన వివరం వ్రాశాను.

కవరు అంటించబోయే ముందు మా అవ్వ ఆ షీటు చూపమన్నది. ఆమెకు చదువు రాదు. వేలు పెట్టి గీతల వెంట వెతికింది.

“నా పొయ్యి ఎక్కడ, అమ్మిణీ?”

ఎర్ర గోడ లోపలి గడిని చూపాను.

“సరి. గోడలు ఉండాయి, మనుషులే లేరు. ఊళ్ళో వాళ్ళకంతా మన వంటిల్లు చూపిస్తావా? ఇంటిగుట్టు లంకకు చేటు, తెలుసు గదా.”

నాయన నవ్వి, రావణుడికి కూడా ఇంతమంది ఇరుగుపొరుగు ఉండి ఉండరని అన్నాడు. నేనూ నవ్వి కవరు అంటించాను.

ఆ తరువాత కొద్ది రోజులకు చొక్కా టక్ చేసుకున్న ఒకాయన లైనులోకి వచ్చాడు. తిణ్ణెలను చూసుకుంటూ నెమ్మదిగా నడిచాడు. అవ్వను మంచినీళ్ళు అడిగి, తాగుతూ, ఈ గోడ ఎప్పుడు కట్టారమ్మా అని తమిళంలో మర్యాదగా అడిగాడు. అవ్వ సంతోషంగా, మా నాయన పెళ్ళి ఏడాది అని చెప్పింది. సాయంత్రం ఆ సంగతి నాకు చెబుతూ, ఎవరో మంచి పిల్లాడు, చెంబు కడిగి ఇచ్చిపోయాడు అన్నది. మరునాడే ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు రమ్మని కార్డు వచ్చింది. అంత త్వరగా జవాబు వస్తుందని నేను అనుకోలేదు.

ఆ ఆఫీసు ఒక ఇంటి మేడ మీద ఉండేది. పటాలకు ప్రింట్లు తీసే అమ్మోనియా ఘాటు మెట్ల మీదికే వచ్చింది. ఆర్కిటెక్టు నడివయసు మనిషి, మెత్తని గొంతు. నా సర్టిఫికెట్లు తెరవనేలేదు. నన్ను నేరుగా డ్రాయింగు బోర్డు దగ్గరకు తీసుకువెళ్ళాడు.

బోర్డు మీద మా లైను ఉన్నది. నా షీటు మీద ట్రేసింగు పేపరు పరచి ఎవరో ఎత్తి గీశారు. ఇళ్ళ వరుస, తలుపులు, నేను పట్టిన కొలతలు అన్నీ ఉన్నాయి. మూలన నేను వ్రాసిన వివరం మాత్రం లేదు. దాని చోట మిల్లు పేరు ఉన్నది. పక్కనే ఆ ట్రేసింగు నుంచి తీసిన ప్రింటు. అందులో వంటగది గోడలన్నీ పసుపు రంగులో ఉన్నాయి.

“చాలా శుభ్రంగా కొలిచారు. మాకు సగం పని తగ్గింది” అన్నాడాయన తమిళంలో.

“నేను వాటిని ఎర్రగా వేశాను, సర్.”

“కార్పొరేషన్‌కు ఇచ్చే పటంలో ఎరుపు అంటే కట్టబోయేది. పడగొట్టేది పసుపు. మీకు తెలిసినదే కదా.”

తెలుసు. కాలేజీ షీటులో మన రంగులు మనం ఎంచుకోవచ్చు. ఆఫీసు పటంలో కుదరదు. ఆ తేడా పరీక్షలో కూడా వ్రాశాను.

మిల్లు ఆ స్థలంలో బ్లాకులు కట్టించబోతున్నదని ఆయన వివరించాడు. క్వార్టర్సును ఇచ్చినది ఇచ్చినట్టే ఉంచుకున్న కుటుంబాలకు కొత్త బ్లాకులో ఇల్లు. మార్చినవారు షరతు తప్పినట్టు లెక్క. వాళ్ళ సంగతి మేనేజ్‌మెంటు చూసుకుంటుంది.

“మార్చనివాళ్ళు ఎవరూ లేరు, సర్.”

“అవును. మీ షీటులో అదే కనబడుతున్నది.”

ఆయన మాటలో వెటకారం లేదు. నా లెటరును చేతిలోకి తీసుకొని, ఒక వాక్యం కింద గీసిన గీతను చూపాడు. ప్రతి తలుపూ నాకు తెరుచుకున్నదన్న వాక్యం అది. సోమవారం నుంచి పనిలో చేరమన్నాడు. మొదటి పని, ఇంటింటికీ వెళ్ళి, గోడ తామే కట్టుకున్నామని ఒప్పుకుంటూ సంతకాలు తీసుకోవడం. తమ మనుషులకు తలుపులు తీయరనీ, నాకైతే తీస్తారనీ అన్నాడు.

ఆ పని నేను చేయలేనని చెప్పి, నా షీటు తిరిగి ఇమ్మని అడిగాను. ఆయన కొంచెం కూడా అభ్యంతరం చెప్పలేదు. జాగ్రత్తగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి చేతికిచ్చాడు.

“మీ ప్రింటు మీదే. తీసుకెళ్ళండి.”

ట్రేసింగు బోర్డు మీదే ఉన్నది.

ఇంటికి వచ్చి, కుళాయి దగ్గర అందరూ ఉన్నప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. గోడ కట్టేటప్పుడు పాత లేబర్ ఆఫీసరును అడిగాననీ, కట్టుకోప్పా అన్నాడనీ నాయన అన్నాడు. కాగితం మీద ఇచ్చాడా అని ఎవరో అడిగితే, నోటితోనే అని జవాబిచ్చాడు.

గోడలు తీసివేద్దామన్న ఆలోచన ఎవరి ఇంట్లో మొదలైనదో నాకు తెలియదు. తిణ్ణె తిణ్ణెగా ఉంటే షరతు తప్పినట్టు ఎలా అంటారని వాళ్ళ తర్కం. ఆ ఆదివారం లైను పొడుగునా గడ్డపార చప్పుళ్ళు వినబడ్డాయి. మా గోడను నాయనే పడగొట్టాడు. అవ్వ పొయ్యిని నడవలోకి జరుపుకొని, పొగకు దగ్గుతూ, ఇల్లు పుట్టినప్పుడు ఇట్లానే ఉండిందిలే అన్నది. ఇటుకలను వెనక సందులో పేర్చి తాటాకు కప్పాము.

మరుసటి వారం, అవ్వ మంచినీళ్ళు ఇచ్చిన ఆ టక్ చొక్కా మనిషే వచ్చాడు. చేతిలో, నేను ఆఫీసులో చూసిన ఆ పసుపు గోడల ప్రింటు ఉన్నది. మా తిణ్ణె ముందు ఆగాడు. గోడ లేదు. గోడ ఉన్న చోట మాత్రం నేల మీద సున్నపు చార, పొడుగ్గా, తిన్నగా, మూలలు తిరిగి ఉన్నది. లోపలి వైపు గచ్చు పొయ్యి మసికి నల్లబడి ఉన్నది. ఆయన కూర్చొని టేపు పరిచాడు. ఆ చారను కొలిచి ప్రింటులోని అంకెతో పోల్చుకున్నాడు. రెండూ సరిపోయాయి. నేను అంగుళం కూడా తప్పు కొలవలేదు.

అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఈసారి ఆయన వద్దన్నాడు. జేబులోంచి పసుపు చాక్‌పీసు తీసి, మా గడప పక్కన చిన్న గీత గీసి, పక్కింటికి నడిచాడు.