తాళాలాయన తట్టిన తలుపు

ఆ బజారులో ఆయన్ని అందరూ తాళాలాయన అనే పిలిచేవారు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు లబోదిబోమంటూ వస్తే, ఆయన రెండు సన్నటి తీగలు తాళంలోకి దూర్చి కళ్లు మూసుకునేవాడు. లోపల ఏముందో కనబడదు కదా, వేళ్లే చూడాలి. కాసేపట్లో టక్కుమనేది. అంతటివాడికి కీళ్లవాతం వచ్చి వేళ్లు ముడుచుకుపోయాయి. పొద్దున్నే చొక్కా బొత్తాలు కూడా భార్యే పెట్టాల్సి వచ్చేది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చింది. టిఫిన్ తిన్నాకే వేసుకోమంది, తనను అడక్కుండా ఒక్కసారిగా ఆపొద్దంది, తాగుడు జోలికి పోవద్దంది. ఆయన గంగిరెద్దులా తలూపాడు. వారం తిరక్కుండానే వేళ్లు విచ్చుకున్నాయి. ఆయన తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరో ఎత్తుకుపోయి మళ్లీ తెచ్చిచ్చినట్టుంది. ఆ రోజు సొంత బొత్తాలు తనే పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు!

ఇంత సంతోషం వస్తే మనిషి ఊరుకుంటాడా? పక్క కొట్లో వెల్డింగ్ చేసే బావమరిది సీసా తెచ్చాడు. అది రోజూ సాయంత్రం అలవాటైంది. అన్నం మీద ధ్యాస తగ్గింది. చెంబులకొద్దీ నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, ఊరికే బాత్రూమ్‌కి పరుగు. ఎండలెక్కువ అన్నాడు. కడుపులో మంట పుడితే మిరపకాయల మీదికి నెట్టాడు. కోపం వస్తే మాత్రం నెపం నెట్టడానికి ఎదురుగా భార్య ఉంది. కాసేపు పగలబడి నవ్వేవాడు, కాసేపటికే కస్సుమనేవాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఒక్కసారైనా గొంతు పెంచని మనిషి, ఒక సాయంత్రం కంచం గోడకేసి కొట్టాడు.

మర్నాడు ఆవిడ ఎదురుబజారుకెళ్లి ఒక తాళం కొనుక్కొచ్చి, తన గది తలుపుకి లోపలినుంచి వేసుకునేలా వడ్రంగితో బిగించుకుంది. తాళాలాయన భార్య వేరే కొట్లో తాళం కొందన్న కబురు బజారంతా గుప్పుమంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. కానీ ఎందుకు కొన్నావని అడగలేకపోయాడు.

తర్వాత కొన్నాళ్లకి ఒక పొద్దున విరేచనం తారులా నల్లగా అయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే కొట్లో కాఫీపొడి కలిపినట్టున్న వాంతి చేసుకుని కూలబడ్డాడు. బావమరిది ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. రక్తంలో చక్కెర చూసిన నర్సు ఇంకోసారి చూసింది.

గొంతులో మందు చల్లి, పక్కకి తిప్పి పడుకోబెట్టి చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి పంపారు. ఎదురుగా తెర. ఆయన తన కడుపుని తనే చూశాడు. ఎర్రగా, తడిగా మెరుస్తూ, అంతలోనే ఒక గుంత, దాంట్లోంచి ఊరుతున్న రక్తం. గొట్టం పట్టుకున్న డాక్టరు అందులోంచే చిన్న క్లిప్పు పంపి ఆ గుంతని పట్టి బిగించాడు. రక్తం ఆగిపోయింది. జీవితమంతా కనబడని చోట పనిచేసిన మనిషి, భయం మరిచి ఆ చేతులకేసే చూస్తుండిపోయాడు. నోట్లో గొట్టం లేకపోతే శభాష్ అనేవాడే.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి భార్యాభర్తలిద్దరికీ చెప్పింది. ఈ మాత్రలు కడుపు లోపలి పొరని బలహీనం చేయగలవట, తాగుడు దాన్నే కాలుస్తుందట. చక్కెర పెంచేవి, మనసుని పైకీ కిందికీ లాగేవి మాత్రలేనట, తాగుడు వాటిని ఇంకా చెడగొడుతుందట. కడుపుకీ చక్కెరకీ వేరే మందులిచ్చి, ఈ మాత్రలు మెల్లమెల్లగా తనే తగ్గిస్తానంది. తాగుడు మాత్రం ఈరోజుతో సరి అంది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. భార్య వైపు తిరిగాడు.

"విన్నావా? ఆ కోపం నాది కాదే, మాత్రలది."

"మాత్రలకి సీసా తోడిచ్చింది ఎవరండీ?" అందావిడ.

ఇంటికొచ్చాక ఆవిడ పథ్యం వండి పెట్టింది, మాత్రలు చేతిలో పెట్టింది. తర్వాత గదిలోకెళ్లి తాళం వేసుకుంది. బావమరిది పరామర్శకి వస్తే, ఇక సాయంత్రాలు వట్టి చేతుల్తో రమ్మని ఆయన గుమ్మంలోనే చెప్పి పంపాడు. ఆ మాట గదిలోకి వినబడే ఉంటుంది. తలుపు మాత్రం కదల్లేదు.

ఆయన తలుపు ముందు నిలబడ్డాడు. నాసిరకం తాళం, తాళంచెవి కన్నం బయటివైపు కూడా ఉంది. రెండు తీగలు జేబులోనే ఉన్నాయి, వేళ్లు బాగానే ఆడుతున్నాయి. జేబులోంచి చెయ్యి తీసి తలుపు తట్టాడు. తాళం వేసిన తలుపుని తట్టడం ఆయనకి అదే మొదలు.

"మీకు తెరవడం రాదా ఏంటి?" లోపల్నుంచి ఆవిడ గొంతు.

"వచ్చు. కానీ నేను తియ్యను. కంచం విసిరింది నేనే."

ఆయన అక్కడే నేలమీద కూర్చున్నాడు. ఎన్ని వేల తాళాలు తీశాడో, అవతలివాళ్లు తీస్తారా లేదా అని ఒక్కసారీ ఇలా ఎదురుచూడలేదు.

టక్కుమంది. ఆ చప్పుడుకి ఆయన గబగబా లేచి నిలబడ్డాడు.