టూనా డబ్బాకు ఎన్ని ఇళ్లు?

జగిత్యాల రాజేశ్వరి ఒమాన్‌లోని నిజ్వా వచ్చి ఏడాదైంది. వంట, ఉతుకుడు, గోడ చూడ్డం తప్ప వేరే పని లేదు. అందుకే అక్కడి ఇండియన్ స్కూల్లో ఒకటో తరగతి టీచరు కావాలనగానే ఎగిరి గంతేసింది. ఒక్క పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. లేదంటే మళ్లీ ఆ గోడే.

పాఠం ఘనాకారాలు. బంతి, ఖర్జూరం పెట్టె, టూనా చేప డబ్బా, అడుగున అట్ట అతికించిన పుట్టినరోజు టోపీ సంచిలో వేసుకుంది. జారుడు పలక మాత్రం భర్త సురేందర్ తను పనిచేసే బిల్డింగ్ సైట్ నుంచి తెచ్చాడు.

"ఏందయ్యా గీ వాసన? నూనె రాసినవా?"

"చెయ్యి అలవాటు పడ్డది. పలకకు నూనె రాయకుంటే కాంక్రీట్ అంటుకుంటది."

"నేనేమన్న స్లాబ్ పోస్తున్ననా?"

"తుడిచిన గద!" అన్నాడతను డ్యూటీకి పరిగెడుతూ.

క్లాసులో వెనక బెంచీ మీద సూపర్‌వైజర్ ముంతాజ్ మేడమ్ కూర్చుంది. ఆవిడది హైదరాబాద్. నవ్వు అరుదు. రాజేశ్వరి చార్టు అంటించింది. మూడు ఇళ్లు: దొర్లేవి, పేర్చేవి, జారేవి. ఒక్కో వస్తువు బొమ్మను ఒక్కో ఇంట్లో అతికించాలి.

బంతి దొర్లింది. బాగుంది. ఖర్జూరం పెట్టె మాత్రం పలక మీద పెట్టీపెట్టగానే సర్రున జారి, పలక దాటి, తిన్నగా వెళ్లి మేడమ్ చెప్పులకు కొట్టుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడమ్ కొట్టలేదు. కాలు ఎత్తి చూసుకుంది, నూనె మరక.

"టీచర్, ఇదీ?" తహ్రీమ్ అనే పిల్ల టూనా డబ్బాను పడుకోబెట్టి వదిలింది. దొర్లింది. నిలబెట్టి వదిలింది. జారింది. తన పెన్సిల్ పెట్టె మీద డబ్బాను, డబ్బా మీద పుస్తకాన్ని పెట్టింది. నిలిచాయి. "దీనికి ఏ ఇల్లు?"

"దొర్లే ఇల్లు!" "కాదు, జారే ఇల్లు!" అని పిల్లలు రెండు పార్టీలైపోయారు.

రాజేశ్వరి చార్టు వైపు చూసింది. రాత్రంతా రంగులేసిన ఇళ్లు! తప్పు డబ్బాది కాదు, ఇళ్లది. చార్టు పర్రున చింపేసింది. మేడమ్ కళ్లజోడు సర్దుకుంది.

బోర్డు మీద కొత్త పట్టిక గీసింది. పక్కన వస్తువులు, పైన మూడు ప్రశ్నలు: దొర్లుతుందా? జారుతుందా? దానిమీద ఇంకోటి నిలుస్తుందా? అవునంటే టిక్కు. బంతికి మొదటి గడిలో ఒక్కటే. పెట్టెకు చివరి రెండింటిలో. డబ్బాకు మూడూ. టోపీని పడుకోబెడితే మొన చుట్టూ తిరుగుతూ దొర్లి పలక పక్కకు పడింది, నిలబెడితే జారింది. మొన మీద మాత్రం ఏదీ నిలవలేదు. రెండు టిక్కులు.

"చదును వైపుంటే జారుతది, గుండ్రటి వైపుంటే దొర్లుతది. డబ్బాకు రెండూ ఉన్నయ్!" అంది రాజేశ్వరి, ఇంగ్లీషు మరిచిపోయి తెలుగులోనే.

గంట మోగాక మేడమ్ ఖర్జూరం పెట్టెతో వచ్చింది. "చార్టు చింపినవ్ చూడు, అదే నచ్చింది. మా టీచర్లైతే డబ్బానే దాచేస్తరు. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే గద, అప్పట్నుంచి వచ్చేయ్."

రాజేశ్వరి చింపిన చార్టు ముక్కలు ఏరి సంచిలో వేసుకుంది.

"పలక మాత్రం మీ ఆయనకు ఇచ్చేయ్ అమ్మా. నావి కొత్త చెప్పులు."