పది బై పన్నెండు

నన్ను టీమ్ లీడ్‌ని చేసినప్పుడు హైదరాబాద్‌లో ఉండే మా మేనేజరు ఒక మాట అన్నాడు. "నీ పనికి వంక పెట్టలేం. కానీ ఇంగ్లీషు మీద శ్రద్ధ పెట్టు. కొన్నాళ్ళు చూసి లీడ్‌గా పర్మనెంట్ చేద్దాం." నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం అది అన్నంలో రాయిలా తగిలింది. గాజువాకలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ప్రోగ్రాములో తప్పుంటే వాసన పట్టేస్తాను గానీ, నాలుగు లైన్ల మెయిల్ రాయమంటే చేతులకు చెమట పడుతుంది.

లీడ్‌గా నేను పంపిన మొదటి పెద్ద మెయిల్ సెలవుల జాబితా. మధురవాడలో మా ఆఫీసు పనిచేసేది ఒక అమెరికా క్లయింటు కోసం. అందుకని జాబితాలో రెండు రకాల సెలవులుంటాయి. మన పండుగలు ఒకటి, వాళ్ళ సిస్టమ్ మూసి ఉండే రోజులు ఇంకొకటి. వాళ్ళ సెలవు రోజున మాకూ పనుండదు, లీవు పెట్టకుండానే ఇంట్లో ఉండొచ్చు. హెచ్‌ఆర్ వాళ్ళ కాగితంలోంచి కొన్ని, క్లయింటు పంపిన దానిలోంచి కొన్ని తీసి అతికించాను. దసరాకు 20-10 అని పడింది. దీపావళికి నవంబర్ 8త్ అని నేనే కొట్టాను. క్లయింటు సెలవులు 10/12, 11/26 అని వాళ్ళు పంపినట్టే ఉండిపోయాయి. పైన రెండు వాక్యాలు సొంతంగా రాశాను. "ఆల్ టీమ్ మెంబర్స్ ఈజ్ రిక్వెస్టెడ్" అన్నది ఒకటి. "హాలిడేస్ హాజ్ బీన్ ఫైనల్" అన్నది రెండోది. పిల్లలు వచ్చాడు అని ఎవరైనా అంటే మనం నవ్వమూ, అలాంటిదన్నమాట. రాసేటప్పుడు అది నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఆన్‌లైన్ మీటింగులో ఒక కుర్రాడు తన స్క్రీను అందరికీ చూపిస్తూ ఏదో వివరిస్తున్నాడు. కాన్వెంటు చదువు, నీళ్ళు తాగినంత సులువుగా ఇంగ్లీషు మాట్లాడతాడు. ఒక విండో మూయబోయి ఇంకొకటి తెరిచాడు. అది వాట్సాప్. అందులో నేను లేని టీమ్ గ్రూపు. నా మెయిల్ ఫోటో, 'ఈజ్' చుట్టూ ఎర్ర సున్నా, 'హాజ్' చుట్టూ ఎర్ర సున్నా, కింద వరసగా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు. గబుక్కున మూసేశాడు. నేనే "సరే, తర్వాతది చెప్పు" అన్నాను.

వెంటనే ఆ రెండు వాక్యాలూ తప్పులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో వేసి, సరిచేసి, మెయిల్ మళ్ళీ పంపాను. తేదీల వైపు చూడనే లేదు. సున్నాలు చుట్టినవాళ్ళూ చూడలేదు.

ఇంటికి వెళ్ళాక మా ఆయన అడిగాడు. "ఏటే, మొకం అలాగున్నాది?" చెప్పాను. పోర్టులో క్రేన్ నడిపే మనిషి ఆయన. "ఇంగ్లీసుకి జీతం తీసుకుంతన్నావా, పనికి తీసుకుంతన్నావా?" అని కంచం ముందుకు జరుపుకున్నాడు. ఆ మాట కాసేపే ఆదుకుంది. మర్నాటి నుంచి ఆఫీసులో ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది. ఆ కుర్రాడు నాకు సారీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం టీమ్‌కి గుర్తుచేశాను. "సోమవారం క్లయింటు సెలవు. ఎవరూ రానక్కర్లేదు."

అందరూ లేచి వెళ్ళారు. ఆ కుర్రాడొక్కడే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, పది బై పన్నెండంటే డిసెంబరు పది కాదేటి?"

"కాదు. అక్టోబరు పన్నెండు. అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు."

"నా ఎంగేజ్‌మెంట్ డిసెంబరు పదికి పెట్టీసేరు మేడమ్. ఆ రోజు సెలవే అని నానే సెప్పాను. సబ్బవరంలో హాల్ కూడా బుక్ సేసీసేరు. అది దాటితే ధనుర్మాసం, ముహూర్తాల్లేవు."

డిసెంబరంతా క్లయింటుకు అమ్మకాల రద్దీ. ఆ నెల లీవులు ఎప్పుడో మూసేశారు. తెరవాలంటే మేనేజరే తెరవాలి.

ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఉన్నమాట చెబుతున్నాను. ఈజ్‌కీ హాజ్‌కీ సున్నాలు చుట్టిన వేలికి తేదీ కనబడలేదా నాయనా, అనుకున్నాను. పైకి మాత్రం పెద్దమనిషిలా "కూర్చో, సార్‌తో మాట్లాడతాను" అని గాజుగదిలోకి వెళ్ళి ఫోన్ చేశాను.

"ఆ అబ్బాయి తేదీ తప్పుగా అర్థం చేసుకున్నాడు సార్" అన్నాను.

"మిగతావాళ్ళకి అర్థమైందా?"

"అయింది సార్." నేను ఎవరినీ అడగలేదు.

"అయితే అతని తప్పే కదా. ఒక్కడికి తెరిస్తే అందరికీ తెరవాలి. కుదరదని చెప్పు."

ఇక ఫోన్ పెట్టేస్తాడనగా గాజులోంచి బయటకు చూశాను. అతను అటు తిరిగి ఫోన్లో ఎవరికో నచ్చజెబుతున్నాడు. ఒక చేత్తో నుదురు పట్టుకున్నాడు. అంత ఇంగ్లీషు వచ్చినవాడు ఇంట్లోవాళ్ళ ముందు మాట రాక తడబడుతున్నాడు. ఇప్పుడు నేను చేస్తున్నది ఏమిటి, అతను గ్రూపులో చేసిన దానికంటే ఏం బాగుంది?

"సార్, తప్పు నాది. తేదీలు ఒక్కోటి ఒక్కో రకంగా రాశాను. అది చూస్తే ఎవరైనా డిసెంబరనే అనుకుంటారు."

"ఆ మెయిల్ పంపు."

దిద్దిన మెయిల్ పైన ఉంది. దాని కింద, తోకలా, దిద్దనిది కూడా ఉంది. కింది భాగం చెరిపేసి పంపుదామనుకున్నాను. చెరిపాను కూడా. తర్వాత ఎందుకో వెనక్కి తెచ్చి, మొత్తం అలాగే పంపేశాను. ధైర్యం కాదు. అప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను, రెండోదానికి ఓపిక లేకపోయింది.

చూసి చెబుతానని మేనేజరు ఫోన్ పెట్టేశాడు. సోమవారం సెలవు కాబట్టి జవాబు మంగళవారం వచ్చింది, మా ఇద్దరికీ కలిపి. అతని లీవు మంజూరు. ఆ రోజు అతని పని నేను చూడాలి. ఆఖర్న ఇంకో లైను. "ఇకనుంచి టీమ్‌కి వెళ్ళే మెయిల్స్ ఇతనితో రాయించి, నువ్వు పంపు." నా పర్మనెంట్ గురించి ఒక్క ముక్క లేదు.

అతను వచ్చి "థాంక్స్ మేడమ్" అన్నాడు. ఆ లైను అతనూ చదివాడని తెలుసు. నా కళ్ళలోకి చూడలేదు, నేనూ చూడలేదు.

ఎంగేజ్‌మెంట్ అయింది. కాజాలు తెచ్చాడు. కొత్త సంవత్సరం సెలవుల జాబితా రాసి నాకు పంపాడు. ప్రతి తేదీకీ నెల పేరు అక్షరాల్లో, పక్కనే వారం. తప్పేదైనా దొరుకుతుందేమోనని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. ఒక్కటైనా దొరికితే బాగుండుననిపించింది. దొరకలేదు. నా పేరు కింద పెట్టి టీమ్ అందరికీ పంపాను.

ఇద్దరు ముగ్గురు జవాబిచ్చారు. చాలా చక్కగా, స్పష్టంగా ఉందని, ఈసారి మెయిల్ అదిరిందని.

అందరికీ కలిపి థాంక్యూ అని రాశాను. ఎదుటి సీట్లో అతను అది చదివాడు. నవ్వలేదు.