పాత పడుగు

ఫోన్ ముట్టుకునే ముందు ముత్యం వేళ్లను లుంగీకి తుడుచుకుంటాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, వేళ్లకు నూలు దుమ్ము లేదు. అయినా తుడుచుకుంటాడు.

సూరత్‌లో, డిండోలిలో, అతనిది ఒక గది. రైళ్లు ఆగిన వారంలో జగిత్యాల దగ్గరి ఊళ్లో అతనికి కూతురు పుట్టింది. ఆ బిడ్డను ఫోన్‌లోనే చూశాడు. ఇప్పుడు అదీ లేదు. పాత సిస్టం మీద ఇక నడవనని వీడియో కాల్ యాప్ చెప్పేసింది. కొత్త సిస్టం ఫోన్‌లోకి దిగింది కానీ ఎక్కడం లేదు. చోటు చాలదంటోంది.

భార్య లత గొంతు మాత్రం వస్తుంది.

"బిడ్డ బోర్ల పడ్డది," అందొక రోజు.

"ఎటు దిక్కు తిరిగింది?" అని అడిగాడు. లత నవ్వింది. అతను నవ్వలేదు.

అదే గదిలో ఉండే బిక్షపతి, అతనూ మగ్గం పనివాడే, ఫోన్ అందుకున్నాడు.

"వీడియోలు తీసెయ్ బావా, చోటయితది."

"బిడ్డయి తియ్య."

"మరేం తీస్తవ్? నన్నా?"

బిక్షపతి ఫైళ్లు తెరిచాడు. డౌన్‌లోడ్లలో ఒకదాని కింద ఒకటి, అన్నీ పెద్దవే.

"ఏంది బావా ఇయి? వచ్చిన అప్‌డేటల్లా దాచినవ్!"

"పాతది తీస్తే కొత్తది దేనికి అతుకుతది?"

మగ్గం మీద నిలువు పోగుల పడుగు చుట్టిన బీమ్ అయిపోతే పాత పడుగును పీకేయరు. దాని కొసలకు కొత్త బీమ్ పోగులను ఒక్కొక్కటే ముడివేస్తారు. పీకేస్తే మళ్లీ ప్రతి పోగునూ మొదటి నుంచి ఎక్కించాలి. అందుకని ముత్యం ఎక్కని ప్రతి అప్‌డేట్‌నూ భద్రంగా ఉంచాడు.

బిక్షపతి గోడకు ఆనుకుని నవ్వాడు. "ఇది బీమ్ కాదే! నడిచే సిస్టం వేరేగ ఉన్నది, దానికేం కాదు. ఆఖరుది ఒక్కటి ఉంచు. దాంట్లనే అన్నీ ఉంటయ్."

పాతవి తీసేశారు. చోటు పెరగలేదు.

"చెత్తబుట్టల పడ్డయ్. అది గూడ ఖాళీ చెయ్యాలె," అన్నాడు బిక్షపతి. ఖాళీ చేశాడు. అప్పుడు పెరిగింది.

చార్జర్ పెట్టి, ఇన్‌స్టాల్ నొక్కారు. కొంతసేపటికి తెర నల్లబడింది.

"బిడ్డ వీడియోలు పోతయా?"

"పోవు. జర ఓపిక పట్టు."

నల్లటి తెరలో ముత్యానికి తన ముఖమే కనిపించింది, గడ్డంతో. ఎవరో ముసలివాడనిపించింది. తెర వెలిగాక ముందు వీడియోలు చూసుకున్నాడు. ఉన్నాయి. తర్వాత యాప్ తెరిచాడు. తెరుచుకుంది.

లతకు మామూలు ఫోన్ చేశాడు. బిడ్డ అప్పుడే పడుకుందట.

"లేపనా?"

లేపమనాలని నాలుక దాకా వచ్చింది. "వద్దు. పండనీ," అన్నాడు.

మర్నాడు నల్లా దగ్గర జనం చేరకముందే లేచాడు. గడ్డం గీసుకున్నాడు. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, ఊరికి వీడియో కాల్ చేశాడు.